పసుపు క్యాన్యులాలు అయిపోకముందే

పొద్దున స్టోర్ తాళం తీసి కంప్యూటర్ ముందు కూర్చునేసరికి నా కోసం కొన్ని ఆర్డర్లు రాసి పెట్టి ఉండేవి. వాటిని రాసింది మనిషి కాదు. ఏ వస్తువు నిల్వ ఎంతకు పడిపోయిందో చూసుకుని, ఏ డీలరు దగ్గర ఎన్ని పెట్టెలు తెప్పించాలో లెక్క కట్టి, ఆ సాఫ్ట్‌వేరే ముసాయిదా తయారు చేసేది. నేను చదివి, బాగుంటే ఆమోదించాలి, లేకపోతే అంకె మార్చాలి. ఆమోదించిన క్షణంలో డీలరుకు మెయిల్ వెళ్ళిపోయేది.

మాది కొండాపూర్‌లో ఒక పిల్లల ఆసుపత్రి. పైన నాలుగు అంతస్తుల్లో పిల్లలు, వాళ్ళ తల్లులు, డాక్టర్లు, నర్సులు. కింద సెల్లార్‌లో, కార్లు తిరిగే చోటుకి పక్కన, మా స్టోర్. కిటికీ లేదు. వాన పడుతోందో ఎండ కాస్తోందో కార్ల టైర్లు చూసి తెలుసుకునేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి పెళ్ళయి మియాపూర్ వచ్చిన దగ్గర్నుంచి నేను చేసిందంతా ఇదే పని. ఆసుపత్రులు మారాయి కానీ స్టోర్ మారలేదు. సూదులు, దూది, సెలైన్ సీసాలు, గ్లౌజులు. వచ్చినవి దింపుకోవడం, అడిగినవాళ్ళకు ఇవ్వడం, అయిపోకముందే మళ్ళీ తెప్పించడం.

ఈ చివరిదే మనిషిని తినేస్తుంది. సెలైన్ అయిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే అది అప్పుడే అయిపోయినట్టు కాదు, తెప్పించాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయినట్టు. ఇంటికెళ్ళి కుక్కర్‌లో పప్పు పెడుతున్నప్పుడు కూడా, ఆయాసపడే పిల్లలకు మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ మాస్కులు ఎన్ని మిగిలాయో గుర్తు చేసుకుంటూ ఉండేదాన్ని. మా ఆయన "ఆసుపత్రి వదిలి రావే" అనేవాడు. వచ్చేదాన్ని, అది నాతోపాటు వచ్చేది.

అందుకే మాదాపూర్ కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చి ఈ పద్ధతి పెడతానంటే అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. అమ్మాయి అంటున్నాను కానీ ముప్పై దాటిన మనిషి, రాజమండ్రి వైపు, ఇంజినీరు. వచ్చిన మొదటి రోజే పెద్ద పెద్ద మాటలు చెప్పకుండా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రోజూ ఎక్కువగా పోయే వస్తువు ఒకటి చెప్పండి మేడం."

"పసుపు క్యాన్యులా" అన్నాను.

క్యాన్యులా అంటే పిల్లల చేతి నరంలోకి ఎక్కించే సన్నని ప్లాస్టిక్ గొట్టం. సెలైన్ ఎక్కాలన్నా, మందు ఎక్కాలన్నా అది ఉండాలి. రంగును బట్టి లావు తెలుస్తుంది. నీలం కొంచెం లావు, పెద్ద పిల్లలకు. ఊదా బాగా సన్నం, పురిటి పిల్లలకు. ఈ రెంటికీ మధ్యది పసుపు. మా దగ్గరకొచ్చే పిల్లల్లో సగానికి పైగా అదే కావాలి.

"రోజుకు ఎన్ని పోతాయి?"

"నలభై దాకా."

"ఆర్డర్ పెట్టాక రావడానికి?"

"నాలుగు రోజులు."

"అంటే అవి వచ్చేలోపు నూట అరవై ఖర్చవుతాయి. ఒకరోజు ఎక్కువమంది పిల్లలు రావచ్చు, డీలరు ఒకరోజు ఆలస్యం చేయవచ్చు. దానికి ఇంకో ఎనభై దగ్గర పెట్టుకుందాం. మొత్తం రెండు వందల నలభై. చేతిలో ఉన్నవీ, ఆర్డర్ పెట్టి దారిలో ఉన్నవీ కలిపి ఈ అంకెకు పడిపోగానే సిస్టమ్ మీకు ముసాయిదా రాసి పెడుతుంది. నెల రోజుల వాడకం చూసి సగటును అదే సవరించుకుంటుంది, దాంతోపాటు ఈ అంకె కూడా మారుతుంది."

ఇన్నేళ్ళూ నేను మనసులో అటూ ఇటూగా చేస్తున్నది అదే. ఎవరో దాన్ని బయటికి తీసి, నా బదులు మోస్తామన్నారు. ఆ వేసవి హాయిగా గడిచింది. ముసాయిదాలు సరిగ్గా వచ్చేవి. నేను ఆమోదించేదాన్ని. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే నిద్రపోయేదాన్ని.

తర్వాత వానలు పడ్డాయి, జ్వరాలు మొదలయ్యాయి. ఆ కాలంలో మా ఆసుపత్రిలో మంచం దొరకదు. ఐటీ కంపెనీ వాళ్ళ పిల్లలు, కొత్త టవర్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉండేవాళ్ళ పిల్లలు, అందరూ ఒకే వరండాలో తల్లుల ఒళ్ళో మూలుగుతూ ఉంటారు. ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లవాడికి సెలైన్ ఆగకూడదు. పసుపు క్యాన్యులాలు రోజుకు అరవై పోవడం మొదలైంది.

నిల్వ ఆ అంకెకు, మేం గీత అనేదానికి, పడిపోగానే ముసాయిదా వచ్చింది. సగటు కొంచెం పెరిగినట్టు అది గమనించింది కూడా. నేను ఇంకొన్ని పెట్టెలు కలిపి ఆమోదించాను. డీలరు సగమే పంపాడు. మిగతా సగం కంపెనీ నుంచి రాలేదన్నాడు.

"రేపొస్తయి మేడం, మీకే ఫస్ట్ పంపిస్త" అన్నాడు.

ఆ రేపు రాలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ రేపే. ఇంకో డీలరు దగ్గర అడిగితే నగరమంతా జ్వరాలే, అతని దగ్గరా లేవు. స్టోర్‌లో పనిచేసే అతన్ని బండి మీద పంపి మెడికల్ షాపుల్లో దొరికినవి దొరికినట్టు కొనిపించాను. అవి గుప్పెడు. నేరుగా వార్డుకు వెళ్ళిపోయేవి.

వీటన్నిటి మధ్య రోజూ పొద్దున ముసాయిదాల వరుస తెరిచి చూసేదాన్ని. దూదికి ముసాయిదా ఉండేది. గ్లౌజులకు ఉండేది. పసుపు క్యాన్యులాకు ఏమీ ఉండేది కాదు. నిల్వ సున్నా అని ఎర్ర అక్షరాల్లో చూపిస్తూనే, ఆ ఎర్ర అక్షరాల పక్కన 'ఆర్డర్ వస్తోంది' అని కూడా చూపించేది. రాని పెట్టెల్ని ఉన్నవాటిలో లెక్కేసుకుని నిశ్చింతగా ఉంది అది.

మూడో అంతస్తు వార్డు హెడ్ సిస్టర్ ఫోన్ చేసింది. సిద్దిపేట వైపు ఆమె. నా వయసే ఉంటుంది. సాయంత్రం డ్యూటీ దిగాక కూడా వార్డులోనే కనిపించే మనిషి.

"మేడం, పస్పువి ఉన్నయా?"

"లేవు సిస్టర్. ఇవాళ వస్తాయన్నాడు."

"నిన్న గూడ గదే అన్నరు. ఒక్క డబ్బ గూడ లేదా?"

"ఒక్కటి కూడా లేదండి."

ఆమె ఫోన్ పెట్టేసింది. కేకలేస్తే బాగుండేది. కాసేపటికి నేనే పైకి వెళ్ళాను. లిఫ్ట్ రాకపోతే మెట్లెక్కాను, మోకాళ్ళ నొప్పి అప్పటికే మొదలైంది నాకు.

వార్డు చివరి మంచం దగ్గర ఏడాదిన్నర పాప. జ్వరానికి నరాలన్నీ అణిగిపోయాయి. చేతికి నీలం క్యాన్యులా పెట్టబోతే నరం చిట్లింది. రెండో చేతికి ఊదా రంగుది పెడితే కాసేపు ఎక్కి మూసుకుపోయింది. ఇప్పుడు కాలు పట్టుకున్నారు. పాప తల్లి, గచ్చిబౌలి వైపు ఏదో ఆఫీసు ట్యాగు ఇంకా మెడలో ఉన్న అమ్మాయి, గోడ వైపు తిరిగి నిలబడి చెవులు మూసుకుంది. హెడ్ సిస్టర్ వంగి, పాప మడమ నిమురుతూ, "అయిపాయె బంగారం, ఇగ అయిపాయె" అంటోంది. పాప ఏడుపు అప్పటికి గొంతులోంచి రావడం మానేసి ఎక్కిళ్ళలా వస్తోంది. మూడోసారి సూది నిలిచింది. సెలైన్ చుక్కలు పడడం మొదలయ్యాక సిస్టర్ నడుం పట్టుకుని లేచింది. నన్ను చూసింది. చూసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

పాప కోలుకుంది. వారం తిరక్కుండా ఇంటికి వెళ్ళింది. అయినా ఆ ఎక్కిళ్ళు నాకు చాలాకాలం వినిపించాయి, ముఖ్యంగా బస్సులో.

చివరికి పెట్టెలు వచ్చాయి. పది రోజులు దాటింది అప్పటికి. వచ్చినవి కంప్యూటర్‌లో ఎక్కించి, ఊపిరి పీల్చుకుని, ఆ వస్తువు పేజీ తెరిచాను. జ్వరాలు ఇంకా తగ్గలేదు కాబట్టి గీత పెరిగి ఉంటుందనుకున్నాను. రెండు వందల నలభై ఉండాల్సిన చోట నూట ఎనభై ఎనిమిది ఉంది.

రెండుసార్లు చదివాను. పసుపు క్యాన్యులాల అవసరం తగ్గిపోయిందని అంటోంది అది. అదే సమయంలో ఊదా, నీలం రంగులవి పెట్టెలకు పెట్టెలు తెప్పించమని ముసాయిదాలు రాసి పెట్టింది.

మాదాపూర్‌కి ఫోన్ చేశాను. ఆ ఇంజినీరు మర్నాడే వచ్చింది. అదే కుర్చీ వేసుకుని, నెల రోజుల వాడకం రోజువారీగా తెరిచింది. ముందు కొన్ని రోజులు నిండుగా, ఆ తర్వాత వరసగా సున్నాలు.

"ఈ సున్నాలేంటి మేడం?"

"ఆ రోజుల్లో లేవండి. ఉంటే కదా ఇచ్చేది."

ఆమె సున్నాల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఇవ్వలేదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదని అనుకుంది" అంది నెమ్మదిగా. "సగటున నలభై ఐదు చొప్పున పోయిన రోజులు పద్దెనిమిది, సున్నాలు పన్నెండు. మొత్తం నెలకు పంచితే సగటు ఇరవై ఏడు. నాలుగు రోజులకు నూట ఎనిమిది, పైన ఎనభై. నూట ఎనభై ఎనిమిది. లెక్క తప్పు లేదు మేడం."

"లెక్క తప్పు లేకపోతే మరి ఏం తప్పండి?"

"మేం దానికి చూపించింది తప్పు. వార్డుకు ఎన్ని వెళ్ళాయో చూపించాం. ఎన్ని అడిగారో చూపించలేదు. పసుపు లేక ఊదా పెట్టారు కదా, అది ఊదాకు గిరాకీ పెరిగిందనుకుంది. బయట కొన్నవి వేరే ఖాతాలో పడ్డాయి, అవి దీనికి కనబడవు. డీలరు పంపని సగం దారిలో ఉన్నట్టే చూపించాం, అందుకే రెండో ముసాయిదా రాయలేదు." ఆమె కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. "ఇలా వదిలేస్తే అయిపోయిన ప్రతిసారీ ఇంకొంచెం తక్కువ తెప్పిస్తుంది, అందుకని ఇంకా త్వరగా అయిపోతుంది."

ఆమె మీద కోపం రాలేదు నాకు. ఆమె ముఖంలో కూడా నిద్ర చాలని మనిషే కనిపించింది. సరిదిద్దడానికి కొన్ని వారాలు పడుతుంది, పైవాళ్ళ అనుమతులు కావాలి అంది. అప్పటిదాకా ఈ వస్తువుకు గీత నేనే చేత్తో పెట్టుకునేలా తాళం తీసి వెళ్ళింది. నేను మూడు వందల అరవై పెట్టాను. మళ్ళీ కుక్కర్ దగ్గర సూదులు లెక్కపెట్టుకునే రోజులు వచ్చాయి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. వానలు తగ్గుముఖం పట్టాయి. వరండాలో కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. పసుపు క్యాన్యులాలు మాత్రం అంతకుముందుకన్నా ఎక్కువగా వెళ్ళిపోతున్నాయి. ముఖ్యంగా మూడో అంతస్తుకు. సరుకు కావాలని వార్డు పంపే చీటీ, ఇండెంట్ మీద ఇండెంట్. నిల్వ నేను పెట్టిన గీత కిందికి తరచూ పడిపోతోంది, పెరిగిన సగటు చూసి సిస్టమ్ పెద్ద పెద్ద ముసాయిదాలు రాస్తోంది. ఒకరోజు వచ్చిన ముసాయిదా ఆమోదిస్తే ఆ పెట్టెలు పెట్టడానికి సెలైన్ సీసాలు బయట కార్ల దగ్గర పెట్టుకోవాలి. దాన్ని పక్కన ఆపి పైకి వెళ్ళాను.

మధ్యాహ్నం. పిల్లలు చాలామంది నిద్రపోతున్నారు. హెడ్ సిస్టర్ మందుల గదిలో టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చుంది. అప్పటికి కుదిరిందన్నమాట ఆమెకు అన్నం.

"సిస్టర్, ఒకసారి అలమర తెరిచి చూపిస్తారా?"

"ఏంది మేడం, చెకింగా?"

"కాదండి. పసుపువి ఇన్ని ఎందుకు పోతున్నాయో అర్థం కాక వచ్చాను."

ఆమె ముద్ద కిందపెట్టి చేయి కడుక్కుని వచ్చి అలమర తెరిచింది. కింది అరంతా పసుపు పెట్టెలే. దాని మీద అరలో దుప్పట్ల వెనక కూడా. విప్పనివి.

నేనేమీ అనకముందే ఆమె అంది, "అవును మేడం, నేనే దాచిన. రాస్కోండ్రి."

"రాసుకోవడానికి రాలేదు సిస్టర్."

"మరెందుకొచ్చిన్రు? గా దినం గా పాపకు మూడు సార్లు గుచ్చినం. మీకు ఫోన్ జేస్తె ఆర్డర్ వస్తుంది అన్నరు. మీ కంప్యూటర్‌ల ఆర్డర్ ఉన్నది. మరి నేను ఆర్డర్ చేతిల వట్టుకొని గుచ్చాల్నా?" గొంతు పెంచలేదు, పిల్లలు నిద్రపోతున్నారని. "ఆ తల్లి గోడ దిక్కు తిరిగి చెవులు మూసుకున్నది. నేను మూసుకోలె. ఇగ గట్ల నాతోని గాదు మేడం. మీరు ఏమన్న అనుకోండ్రి."

కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటే కూర్చున్నాను. నిలబడి వినే ఓపిక లేదు. నాకు ఆమె చేసింది తప్పని చెప్పాలనిపించలేదు. అలాగని ఒప్పుకోలేను. కింద స్టోర్‌లో నాకు కనిపించేది ఇంకోటి.

"సిస్టర్, మీరు తెచ్చి అలమరలో పెట్టిన పెట్టె కూడా వాడేసిందిగానే పడుతుంది నా దగ్గర" అన్నాను. "అది చూసి ఇంకా ఎక్కువ తెప్పించమంటోంది. ఇప్పుడు మీ దగ్గర నిండా ఉన్నాయి కాబట్టి వచ్చే నెల మీరు అడగరు. అప్పుడు వాడకం లేదనుకుని తగ్గించేస్తుంది. మళ్ళీ వానలకు మొదటికొస్తాం. రెండో అంతస్తులో ఇవాళ పొద్దున పసుపువి తక్కువున్నాయని అడిగారు, ఇక్కడేమో దుప్పట్ల వెనక ఉన్నాయి."

"రెండో అంతస్తుల లేవా?"

"ఇచ్చాను. కానీ వాళ్ళు అడగాల్సి వచ్చింది."

ఆమె అలమర తలుపు సగం మూసి దానికే ఆనుకుంది. "నాకు మీ మీద నమ్మకం బోయింది మేడం. గంతే" అంది. ఆ మాటలో కోపం లేదు. చెప్పేసి ఆమె కూడా కొంచెం తేలికపడినట్టుంది. టిఫిన్ డబ్బా నా వైపు జరిపింది. "జర తినుండ్రి. చల్లారిపోయింది గానీ."

వంకాయ కూర, అన్నం. ఇద్దరం ఆ డబ్బా మూతలో పెట్టుకుని తిన్నాం. తింటూనే మాట్లాడుకున్నాం.

మరుసటి వారం ఇంజినీరును పిలిపించి ఈసారి స్టోర్‌లో కాకుండా మూడో అంతస్తులోనే కూర్చోబెట్టాను. ఆమె మొదట అన్నది, అలమరలోంచి క్యాన్యులా తీసిన ప్రతిసారీ నర్సులు దాని మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే సరిగ్గా ఎప్పుడు వాడారో తెలుస్తుందని.

సిస్టర్ నవ్వింది. "అమ్మా, పిల్లకు ఫిట్స్ వచ్చినప్పుడు చెయ్యి వట్టుకోవాల్నా, స్కాన్ గొట్టాల్నా?"

ఇంజినీరు వాదించలేదు. ఆ మధ్యాహ్నం వార్డులో కూర్చుని నర్సులు పరుగెత్తడం చూసింది. చూశాక స్కాన్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. వారానికొకసారి అలమరలో ఉన్నవి లెక్కపెడదామని చివరికి తేలింది. పోయిన వారం ఉన్నవాటికి వచ్చినవి కలిపి, ఇప్పుడున్నవి తీసేస్తే నిజంగా వాడినవి తెలుస్తాయి. సగటు అందులోంచి వస్తుంది. ప్రతి వార్డు అలమరలో ఎప్పుడూ ఉండాల్సింది ఇన్నని ఒక అంకె ఉంటుంది, దానికి పైన ఉన్నవి కిందకి పంపేయాలి. స్టోర్‌లో నిల్వ లేని రోజుల్ని సగటులోంచి తీసేసి, వార్డు అడిగి మేం ఇవ్వలేనివి కూడా అవసరంగానే లెక్కలోకి తీసుకోవాలి. డీలరు బాకీ పెట్టిన పెట్టెలు గడువు దాటితే వాటిని దారిలో ఉన్నట్టు లెక్కించకుండా, ముందు నన్ను అడగాలి. నాలుగు రోజులని డీలరు చెప్పిన మాట కాకుండా, అతని సరుకు నిజంగా ఎన్నాళ్ళకు చేరుతోందో అది చూసుకోవాలి.

"వానకాలం సంగతేంది?" అంది సిస్టర్. "గా కంప్యూటర్ ఎనకకు సూస్తది గద. జ్వరాలు ముంగట ఉంటయి."

"అది మనుషులే చెప్పాలండి దానికి" అంది ఇంజినీరు. "వానలకు ముందు గీత ఇంతకంటే దిగకూడదని మేడం పెడతారు. జ్వరాలు తగ్గాక తీసేస్తారు."

సిస్టర్ నా వైపు తిరిగింది. "నేను పెట్టెలు కిందికి పంపుత మేడం. కానీ ఒక్కటి. లెక్కపెట్టనీకి మీరే రావాలె. ఇంకొకల్లను పంపొద్దు. మీరొచ్చి సూడాలె."

ఒప్పుకున్నాను. ఆ సాయంత్రమే దుప్పట్ల వెనకవి కూడా తీసి, ట్రాలీ మీద ఆమే స్వయంగా తోసుకుని సెల్లార్‌కు తెచ్చింది. మా స్టోర్ లోపలికి ఆమె రావడం అదే మొదటిసారి. చుట్టూ చూసి, "గిండ్ల ఎట్ల గూసుంటరు మేడం, గాలి లేదు" అంది.

అప్పట్నుంచి వారానికొకసారి పైకి వెళ్ళడం అలవాటైంది. అదేదో గొప్ప మార్పు అని చెప్పను. నా పని తగ్గకపోగా ఒకటి పెరిగింది. అలమర ముందు వంగితే మోకాలు పట్టేసేది. సిస్టర్ పెట్టెలు తీసి అందిస్తే నేను లెక్కపెట్టేదాన్ని. రెండు వారాలు సరిపోతే మూడో వారం సరిపోయేది కాదు, ఎవరో పక్క వార్డుకు చేబదులు ఇచ్చి ఉండేవారు. మళ్ళీ వెతికేవాళ్ళం. పైవాళ్ళు మాత్రం మీటింగులో ఆర్డర్లన్నీ వాటంతట అవే తయారవుతున్నాయని చెప్పుకునేవారు. నేను వింటూ కూర్చునేదాన్ని.

మరుసటి వానలకు ముందే గీత పెంచి పెట్టాను. అయినా ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో. జ్వరాలు వచ్చాయి, డీలరు ఎప్పటిలాగే సగం పంపి మిగతాది రేపన్నాడు. గడువు దాటగానే సిస్టమ్ నన్ను అడిగింది, ఈ మిగిలినవి వస్తాయా రావా అని. రావని నొక్కాను. వెంటనే రెండో డీలరుకు ముసాయిదా రాసి పెట్టింది. నగరం మొత్తం వెతుక్కునే సమయానికి మా పెట్టెలు దిగాయి. అలమరలో రెండు పెట్టెల దాకా తగ్గిన రోజు ఒకటి ఉంది. సున్నా చూడలేదు.

దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఉన్న వస్తువు ఉందని ఎవరు ఫోన్ చేస్తారు? ఒక్క సిస్టరే, లెక్కపెట్టడానికి వెళ్ళిన రోజు, "ఈసారి ఒక్క పోరన్ని గూడ రెండోసారి గుచ్చలె, పస్పువి లేవని" అంది. అని పెట్టె అందించింది. నేను లెక్క తప్పిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను.

ఈమధ్యే నానక్‌రామ్‌గూడలో మా ఆసుపత్రి కొత్త శాఖ తెరిచారు. హెడ్ సిస్టర్‌ని అక్కడికి పంపారు. వెళ్ళిన కొన్నాళ్ళకే ఫోన్ చేసింది.

"మేడం, ఈడ కంప్యూటర్ ఏం జెప్తలేదు. ఏదీ తెప్పియ్యమంటలేదు. స్టోర్ ఆయన కొత్తోడు, పరేషాన్ అయితున్నడు. ఒక్కపారి రారాదు?"

షేర్ ఆటోలో వెళ్ళాను. టవర్ల మధ్య రోడ్డంతా తవ్వి ఉంది. కొత్త భవనం, పెయింటు వాసన ఇంకా పోలేదు. స్టోర్ మొదటి అంతస్తులో ఉంది, కిటికీ ఉంది. నాకు అసూయ వేసింది, దాచుకోను.

సంగతి తేలికే. అక్కడ ఇంకా ఎవరూ ఏమీ వాడలేదు. వెనక్కి చూసుకోవడానికి నెల రోజులు లేవు. సగటు సున్నా కాబట్టి గీత కూడా సున్నా. ఇంజినీరుకు ఫోన్ చేస్తే, మొదటి రెండు నెలలు అంకెలు మనమే పెట్టాలి, కొండాపూర్ అంకెలు చూసి పెట్టుకోండి అంది. కానీ కొండాపూర్‌లో ఉన్నన్ని మంచాలు ఇక్కడ లేవు. చుట్టూ అపార్టుమెంట్లు, వాటి వెనక కూలీల షెడ్లు. ఎంతమంది వస్తారో ఎవరికి తెలుసు?

సిస్టర్ టీ తెప్పించింది. ముగ్గురం కిటికీ దగ్గర కూర్చున్నాం. కొత్త స్టోర్ అతను తెర ముందు వేళ్ళు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"పస్పువి ఎన్ని పెడ్దాం?" అంది ఆమె.

"మంచాలు ఎన్ని?"

చెప్పింది. ఒక్కో పిల్లవాడికి రెండు మూడు రోజులకొకటి మారుస్తారు, కొన్ని చెడిపోతాయి, ఓపీలో వచ్చి వెళ్ళేవాళ్ళు వేరే. నేను ఒక అంకె చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకొంచెం పెంచింది. నేను కొంచెం తగ్గించాను. మధ్యలో ఎక్కడో ఆగాం. అతను ఆ అంకె కొట్టాడు.

"సరిపోతుందా మేడం?" అని అడిగాడు.

"తెలీదు బాబూ" అన్నాను. "మొదటి నెల రోజూ పైకెళ్ళి అలమర చూసుకోండి."

తర్వాతిది నీలం, ఆ తర్వాత ఊదా. సెలైన్, గ్లౌజులు, మాస్కులు, దూది. టీ చల్లారింది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు ఇంకా సగం కూడా కాలేదు. ఎవరో పిలిస్తే సిస్టర్ పైకి వెళ్ళి, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి, "ఎక్కడున్నం?" అంది.

"నెబ్యులైజర్ మాస్కులు" అన్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.